పెళ్లయ్యాక ఇంటిపేరు, పదో తరగతి మెమోలో పేరు

పోస్టు పెద్దగానే ఉంటది, తీరిక చూసుకుని చదవండి. ముఖ్యంగా ఈ ఎండాకాలం పెళ్లి కుదిరిన చెల్లెళ్లు, వాళ్ల అన్నలు.

మా రూములో ఆరుగురం ఉంటాం. అందరం భద్రాచలం ఏజెన్సీ ఊళ్ల వాళ్లమే, అందరి ఇళ్లల్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఫారం నింపేటప్పుడు అడగడానికి ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి ఒకరి ఫారం ఆరుగురం కలిసి నింపుతాం. తప్పు చేసినా ఆరుగురం కలిసే చేస్తాం. ఈసారి అట్లనే చేశాం.

మాలో ఒకామెకు రెండో సంవత్సరం పరీక్షలు అయిపోగానే పెళ్లయింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం, పేర్లు మాత్రం మార్చాం. పుట్టింటి పేరు కారం, అత్తింటి పేరు సోడి అనుకోండి. మెమోలో KARAM LAKSHMI. అత్తగారింట్లో రేషన్ కార్డులో పేరు ఎక్కించాలని ఆధార్‌లో అడ్రసు మార్చడానికి తీసుకెళ్లారు. అక్కడ కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి "అడ్రసుతో పాటు ఇంటిపేరు కూడా మార్చేస్తే ఒక్కసారే పని అయిపోతది కదా" అన్నాడు. గెజిటెడ్ ఆఫీసర్‌తో సంతకం పెట్టించి ఇచ్చారు. కొన్ని రోజులకు SODI LAKSHMI అని కార్డు వచ్చింది. కాలేజీ తెరిచాక ఆమె ఆ కార్డు చూపిస్తే మేమంతా స్వీట్లు అడిగాం. అందులో ఏం ముంచుకొస్తుందో ఒక్కరికీ తట్టలేదు.

మూడో సంవత్సరం స్కాలర్‌షిప్ రెన్యువల్ దగ్గర పట్టుకుంది. వేలిముద్ర పెట్టమన్నారు, పెట్టింది. పేరు కలవట్లేదని వచ్చింది. వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. నాలుగుసార్లు పెట్టాక అర్థమయింది, తప్పు వేలిది కాదు. స్కాలర్‌షిప్ వాళ్ల దగ్గర ఆమె పదో తరగతి హాల్ టికెట్ నంబరుతో వచ్చిన కారం లక్ష్మి. ఆధార్ చెప్తున్నది సోడి లక్ష్మి. మనిషి ఒకతే, కంప్యూటర్‌కు ఇద్దరు.

మేము మొదట అనుకున్నది ఏంటంటే, మెమో మార్పించేద్దాం, అప్పుడు రెండూ కలుస్తాయి కదా అని. ఆమె చదివిన స్కూలుకు ఫోన్ చేశాం. హెడ్‌మాస్టర్ సార్ ఓపికగా చెప్పారు. "అమ్మా, మెమోలో పేరు మార్చేది ఎప్పుడంటే, స్కూలు అడ్మిషన్ రిజిస్టర్‌లో ఒకటి ఉండి మెమోలో ఇంకోటి పడితే. అది అచ్చు తప్పు. నువ్వు చదివినప్పుడు నీ పేరు కారం లక్ష్మే కదా. మరి తప్పెక్కడుంది?" ఆ మాట విన్నాక చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. నిజమే కదా. మెమో ఇప్పటి పేరు చెప్పడానికి ఇచ్చిన కాగితం కాదు, ఆ ఏడు ఆ పరీక్ష పాసయిన పిల్ల పేరు చెప్పేది. పెళ్లి అయిందని ఆ సంగతి మారదు. ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు అన్నీ దాని వెంటే నడుస్తాయి.

తర్వాత గెజిట్ అన్నారు ఎవరో. కనుక్కుంటే, గెజిట్‌లో పేరు మార్పు వేయించుకున్నా పాత సర్టిఫికెట్లలో పేరు మారదు. ఈ ఇద్దరూ ఒక్కరే అని అది రుజువు మాత్రమే. అంటే పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య ఒక వంతెన కాగితం కావాలి. పెళ్లి వల్ల మారిన పేరుకు అన్నింటికన్నా తేలికైన వంతెన మ్యారేజ్ సర్టిఫికెట్.

సరే, అదే తీసుకుందాం అని బయల్దేరాం. మొదట వెళ్లిన ఆఫీసులో హిందూ వివాహ చట్టం కింద ఉండే ఫారం ఇచ్చారు. మా సీనియర్ అన్న ఒకాయన లా చదువుతున్నాడు, ఆయన ఆపాడు. ఆ చట్టంలో 2వ సెక్షన్ రెండో సబ్‌సెక్షన్ ప్రకారం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు అది వర్తించదు. మన పెళ్లిళ్లు మన ఆచారం ప్రకారం జరిగినవి. అన్ని పెళ్లిళ్లనూ నమోదు చేయాలని 2002లో వేరే చట్టం వచ్చింది, ఊళ్లో పంచాయతీ సెక్రటరీ దగ్గర చేయించుకోవచ్చు అని చెప్పాడు. అత్తగారి ఊరి పంచాయతీలో నమోదు చేయించారు. సర్టిఫికెట్ వాట్సాప్‌లో పంపితే మేము పెద్దగా చేసి చూశాం. వధువు పేరు దగ్గర: సోడి లక్ష్మి.

ఆధార్ చూసి ఎక్కించారు మరి, ఆధార్‌లో అదే ఉంది. కానీ ఆ కాగితం ఏం చెప్తున్నట్టు? సోడి లక్ష్మి అనే ఆమె సోడి వాళ్ల అబ్బాయిని పెళ్లి చేసుకుందని. కారం లక్ష్మి ఎక్కడా లేదు. వంతెనకు రెండో ఒడ్డే లేదు. చెల్లెళ్లూ, మ్యారేజ్ సర్టిఫికెట్ చేతికి రాగానే ఫొటో ఎట్లా వచ్చిందో కాదు, వధువు పేరు, తండ్రి పేరు మెమోలో ఉన్నట్టే అక్షరం అక్షరం ఉన్నాయా అని చూడండి. పెళ్లికి ముందు పేరే అక్కడ ఉండాలి.

ఇదే వారంలో కుల సర్టిఫికెట్ గొడవ కూడా. కొత్త పేరుతో తీసుకుందామని అప్లై చేయబోతే, ఫారంలో తండ్రి పేరా భర్త పేరా అని అడిగింది. ఆమె భర్త పేరు పెట్టబోయింది. దరఖాస్తులు చూసే క్లర్కు కూడా భర్త కుల సర్టిఫికెట్ తెమ్మన్నాడు. అదృష్టం బాగుండి లోపల ఉన్న పెద్ద సారు విన్నాడు. "కులం పుట్టుకతో వచ్చేది. పెళ్లితో రాదు, పోదు. తండ్రి పేరుతోనే పెట్టాలి. అయినా పాతది ఉండగా కొత్తది ఎందుకు?" అన్నాడు. సుప్రీంకోర్టు కూడా 2018లో ఒక కేసులో ఇదే చెప్పింది, కులం పుట్టుకతో నిర్ణయమవుతుంది, పెళ్లితో మారదని. మన విషయంలో ఇది చిన్న సంగతి కాదు. గిరిజనుడిని పెళ్లి చేసుకుని ఆయన ఇంటిపేరు పెట్టుకుని ఎస్టీ సీటు అడిగే వాళ్ల మీద మనమే కదా కంప్లయింట్లు పెడతాం. అట్లాంటప్పుడు పుట్టుకతోనే ఎస్టీ అయిన మన పిల్ల భర్త పేరు మీద సర్టిఫికెట్ తీసుకుంటే, రేపు వెరిఫికేషన్‌లో ఆమెను కూడా ఆ అనుమానంతోనే చూస్తారు. తండ్రి పేరు ఉన్న పాత సర్టిఫికెట్‌ను అట్లనే ఉంచేశాం.

ఇక మిగిలింది ఆధార్. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు. ఒకటి అయిపోయింది. రెండోది వాడి కారం అని వెనక్కి మార్చుకుంటే మళ్లీ సోడి కావాలన్నా మామూలు సెంటర్‌లో కాదు. ఒక రాత్రంతా కూర్చున్నాం దీని మీద. సోడిగానే ఉండి వంతెన కాగితాలతో నెట్టుకురావడమా, కారం అయిపోవడమా?

ఉండొచ్చు కూడా, అబద్ధం ఎందుకు. మా కింది రూము అక్క ఒకామె కొత్త పేరుతోనే ఉంది. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఫారంలో మొదట పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్న పేరే అడుగుతారు, తర్వాత పేరు మారిందా అని అడిగి, మారితే కొత్త పేరు రాయమంటారు. పెళ్లి వల్ల మారితే మ్యారేజ్ సర్టిఫికెట్ గానీ, భార్యాభర్తలిద్దరూ కలిసి దిగిన ఫొటో అంటించి ఓత్ కమిషనర్ ముందు ప్రమాణం చేసిన అఫిడవిట్ గానీ చాలంటారు. ఆ అక్క అఫిడవిట్ చేయించుకుంది, బాగానే ఉంది. అక్కడ కాగితం చూసేది మనిషి. స్కాలర్‌షిప్ దగ్గర చూసేది కంప్యూటర్, దానికి అఫిడవిట్ చూపించలేం కదా. మన లక్ష్మికి ఇప్పుడు కావాల్సింది స్కాలర్‌షిప్. అది రాకపోతే ఫీజు కట్టాలి, ఫీజు కట్టకపోతే సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉంటాయి.

అత్తగారింట్లో చెప్పడమే కష్టమయింది. మామగారు ఫోన్‌లో, "మా ఇంటికొచ్చిన పిల్లకు మా ఇంటిపేరు లేకుంటే ఎట్ల బిడ్డా? ఊళ్లో ఏమనుకుంటరు?" అన్నాడు. కోపంగా కాదు, నొచ్చుకుని. ఆమె ఏడ్చింది. మేము ఏం చెప్పాలో తెలియక చట్టంలో ఎక్కడా మార్చుకోవాలని లేదు మామా అన్నాం, ఆయనకు చట్టం ఏం పని. చివరికి ఆ ఇంట్లో ముసలమ్మే తీర్చింది. "దాని గట్టు వేరు, మన గట్టు వేరు. వేరు గనకనే పిల్లను తెచ్చుకున్నం. కాయితం మీద సోడి అని రాస్తే దాని గట్టు మారుతదా? ఒకటే గట్టు అయితే పెండ్లే చేయకపోదుమా" అన్నదట. మామగారు ఇంకేం అనలేదు. మన ఇంటిపేరు గట్టును చెప్పే పేరు అని మాకు తెలుసు, కానీ ఆ మాట ఇట్లా పనికొస్తదని ఎవరం అనుకోలేదు.

ఆమె ఓటరు కార్డు పాత పేరుతోనే ఉంది. అది చూపించి ఆధార్‌ను KARAM LAKSHMI అని వెనక్కి మార్చింది. అడ్రసు మాత్రం అత్తగారిదే ఉంచింది. అడ్రసు దగ్గర C/o అని ఒక గడి ఉంటది, అందులో భర్త పేరు రాయించింది. మొదటిరోజే ఈ గడి సంగతి తెలిసి ఉంటే ఇదంతా ఉండేది కాదు. పేరు ముట్టుకోకుండానే అత్తింటి అడ్రసు, భర్త పేరు రెండూ కార్డులో వచ్చేవి. బ్యాంకు పాస్‌బుక్ మొదటి నుంచీ కారం మీదే ఉంది, దాన్ని ఎవరూ కదపలేదు, అది ఒక్కటీ మా తెలివి కాదు, మరిచిపోవడం.

ఆధార్ సరయ్యాక పంచాయతీకి మెమో, కొత్త ఆధార్ రెండూ తీసుకెళ్లి మ్యారేజ్ సర్టిఫికెట్‌లో వధువు పేరు సరిచేయించుకున్నారు. ఇప్పుడు అందులో కారం లక్ష్మి, ఆమె తండ్రి పేరు, భర్త పేరు అన్నీ ఉన్నాయి. రేపు ఆమెకు ఎక్కడైనా సోడి అని రాసుకోవాలనిపిస్తే ఆ కాగితం చాలు.

పోయిన మంగళవారం మళ్లీ వేలిముద్ర పెట్టింది. ఒక్కసారికే తీసుకుంది. డబ్బులు ఇంకా పడలేదు, స్టేటస్ రోజూ చూస్తున్నాం. రేషన్ కార్డులో మాత్రం ఇప్పటికీ సోడి లక్ష్మి అనే ఉంది. బియ్యం వస్తున్నాయి గానీ, ఈ-కేవైసీ అడిగితే అక్కడ మళ్లీ పేరు దగ్గర ఆగుతుందేమోనని భయం. మీలో ఎవరైనా రేషన్ కార్డులో పేరు ఇట్లా సరిచేయించుకుని ఉంటే, ఏ కాగితాలు అడిగారో కింద రాయండి.