అడ్డంగా ఉండే గీత, నిలువుగా చెప్పే లెక్క

ఆరో తరగతి సోషల్ పేపర్లు దిద్దేటప్పుడు ఏటా నాకు ఒకే తికమక ఎదురవుతుంది. "అక్షాంశాలు అడ్డంగా ఉంటాయా, నిలువుగానా?" అని అడిగితే పిల్లలు "అడ్డంగా" అని సరిగ్గానే రాస్తారు. "హైదరాబాద్ భూమధ్యరేఖకు ఎంత ఉత్తరాన ఉందో దేన్ని బట్టి చెప్తాం?" అని అడిగితే మాత్రం చాలామంది "రేఖాంశం" అని రాసేస్తారు. పీటీఎంలో మీరు పేపర్ చూసి, "మేడమ్, పోయిన వారమే ఇంట్లో అప్పజెప్పించాం, గడగడా చెప్పింది" అంటారు. చెప్పే ఉంటుంది. ఇబ్బందల్లా మనం నేర్పే చిట్కా సగంలో ఆగిపోవడమే.

ఆ చిట్కా మీకూ గుర్తుండే ఉంటుంది. అడ్డంలో 'అ', అక్షాంశంలో 'అ'. ఇంగ్లిష్‌లో అయితే "ల్యాట్ ఈజ్ ఫ్లాట్". రెండూ మంచివే, గీత ఎటు పడుకుని ఉందో చెప్తాయి. కానీ గీత ఎటు ఉందన్నది వేరు, ఆ గీత మీద రాసిన అంకె ఏం కొలుస్తుందన్నది వేరు. అక్షాంశ రేఖ తూర్పు పడమరలుగా సాగుతుంది, దాని అంకె మాత్రం ఉత్తర దక్షిణాల లెక్క. రేఖాంశం ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి దిగుతుంది, దాని అంకె తూర్పు పడమరల లెక్క. పిల్లలు జారేది సరిగ్గా ఇక్కడే. "అడ్డంగా ఉంది కాబట్టి తూర్పు పడమరలు చెప్తుంది" అనుకోవడం చాలా సహజం.

అందుకే క్లాసులో నేను నిచ్చెన బొమ్మ వేస్తాను. నిచ్చెన మెట్టు అడ్డంగానే ఉంటుంది కదా. మరి "నాలుగో మెట్టు మీద ఉన్నాను" అంటే ఏం తెలుస్తుంది? ఎంత పైకి ఎక్కామో తెలుస్తుంది. అక్షాంశం కూడా అంతే. భూమధ్యరేఖ నేల, అంటే 0 డిగ్రీలు. అక్కడి నుంచి పైకి ఎక్కితే ఉత్తర అక్షాంశాలు, కిందికి దిగితే దక్షిణ అక్షాంశాలు. ఎటు వెళ్లినా 90 దగ్గర ధ్రువం వస్తుంది, ఆపైన మెట్లు లేవు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు ల్యాటిట్యూడ్, ల్యాడర్ అన్న మాటల పోలిక కూడా కలిసొస్తుంది.

రేఖాంశానికి నిచ్చెన పనికిరాదు, దానికి కమలాపండు కావాలి. ఒకటి ఒలిచి, తొనలు విడదీయకుండా పిల్లల చేతికివ్వండి. తొనల మధ్య గీతలన్నీ తొడిమ దగ్గర కలిసి, నడుము దగ్గర ఎడమై, మళ్లీ అడుగున కలుస్తాయి. అవి రేఖాంశాలు. అన్నీ ఒకే పొడవు, అందుకే 'లాంగి'ట్యూడ్ అని గుర్తుపెట్టుకోమంటాను. ఇంకో పండును జ్యూస్‌కి కోసినట్టు అడ్డంగా చక్రాలుగా కోయండి. ఆ చక్రాల అంచులు అక్షాంశాలు. ఒకదాన్నొకటి ఎక్కడా తాకవు, నడుము దగ్గరిది పెద్దది, కొసకు పోయేకొద్దీ చిన్నవి. (కోసిన పండు ఎవరు తినాలన్న పంచాయితీ మీ ఇంటి వ్యవహారం.)

ఇప్పుడు ఫోన్‌లో మ్యాప్ తెరిచి చార్మినార్ మీద కాసేపు వేలు నొక్కి ఉంచండి. ఇలాంటి రెండు అంకెలు కనిపిస్తాయి:

```
17.3616, 78.4747
```

మొదటిది అక్షాంశం, రెండోది రేఖాంశం. మన వర్ణమాలలో 'అ' ముందు, 'ర' తర్వాత కాబట్టి ఈ వరుసకు వేరే చిట్కా అక్కర్లేదు. అంటే చార్మినార్ భూమధ్యరేఖకు పైన పదిహేడు మెట్లు దాటి ఉంది, లండన్‌లోని గ్రీనిచ్ గీత నుంచి తూర్పుకు 78 డిగ్రీలు దాటి ఉంది.

ఈ రెండూ తారుమారు చేసి కొడితే? ఒక తండ్రి నాకు తన ఫోన్ చూపించారు. బంధువు ఫోన్‌లో చెప్పిన అంకెలు తిరగబడి, ఊళ్లో గృహప్రవేశం జరిగే చోటు మంచులో తేలింది. మీరూ చార్మినార్ అంకెలు తిప్పి కొట్టి చూడండి. నార్వేకి చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, స్పిట్స్‌బెర్గెన్ దీవిలోని హిమనదాల మధ్యకు వెళ్తారు. అక్కడి నుంచి ఉత్తర ధ్రువం ఇంకో 1,280 కిలోమీటర్లే. విజయవాడ అంకెలు తిప్పితే ఆ దీవికీ ఉత్తరాన, ఆర్కిటిక్ సముద్రంలో పడతారు.

ఇందులో నాకు బాగా నచ్చే విషయం, ఫోన్ "తప్పు" అనదు. అక్షాంశం 90 దాటితేనే అది ఒప్పుకోదు. మన రెండు రాష్ట్రాల రేఖాంశాలు సుమారు 77 నుంచి 85 మధ్య ఉన్నాయి, అంటే అవన్నీ అక్షాంశంగానూ చెల్లిపోతాయి. గువాహటి రేఖాంశం 91 దాటుతుంది కాబట్టి అక్కడివాళ్లు తిప్పి కొడితే వెంటనే దొరికిపోతారు. మనకు ఆ అదృష్టం లేదు, పిల్లలే పట్టుకోవాలి. భారతదేశం లోపలైతే పట్టుకోవడం తేలికే. మన అక్షాంశాలు 6 నుంచి 37 దాకా, రేఖాంశాలు 68 నుంచి 97 దాకా ఉంటాయి కాబట్టి చిన్న అంకె ఎప్పుడూ అక్షాంశమే.

చివరగా, రెండింటికీ ఒక్కో పని అప్పజెబితే ఇక మర్చిపోరు. అక్షాంశం ఎండ సంగతి చెప్తుంది, రేఖాంశం గడియారం సంగతి. హైదరాబాద్, విశాఖ దాదాపు ఒకే మెట్టు మీద ఉన్నాయి, రెండూ 17 డిగ్రీలు దాటాక. కానీ విశాఖ సుమారు 4.7 డిగ్రీలు తూర్పున ఉంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది కాబట్టి విశాఖలో సూర్యుడు దాదాపు 19 నిమిషాలు ముందే కనిపిస్తాడు. విశాఖలో అమ్మమ్మ వాళ్లుంటే ఒక ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి సరిచూడండి. ఢిల్లీ సంగతి దీనికి తలకిందులు. రేఖాంశంలో హైదరాబాద్‌తో తేడా డిగ్రీన్నర కూడా లేదు, అక్షాంశంలో మాత్రం 11 డిగ్రీలకు పైనే. అందుకే రెండు చోట్లా మిట్టమధ్యాహ్నం ఇంచుమించు ఒకేసారి వస్తుంది, జనవరి చలి మాత్రం వేరు.

అమెరికాలో మీ వాళ్లుంటే పిల్లలు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. డల్లాస్ కొడితే 32.78, -96.80 అని వస్తుంది. ఆ మైనస్ గుర్తు రెండో అంకెకు ఉంటే గ్రీనిచ్‌కు పడమర అని, మొదటి అంకెకు ఉంటే భూమధ్యరేఖకు దక్షిణం అని అర్థం. చిన్న అంకె అక్షాంశం అన్న సూత్రం డల్లాస్‌లో కూడా నిలబడుతుంది. లండన్‌లో నిలబడదు. అక్కడ అక్షాంశం 51 దాటుతుంది, రేఖాంశం దాదాపు సున్నా. అక్కడికి పోయాక మళ్లీ 'అ' ముందు, 'ర' తర్వాత అన్న వరుసనే పట్టుకోమనండి.