డిసెంబర్, మిగిలిన సెలవులు, హెచ్‌ఆర్‌కి ఒక మెయిల్

డిసెంబర్ వచ్చిందంటే మా ఆఫీసులో అందరూ లీవ్ బ్యాలెన్స్ చూసుకోవడమే. ఈసారి హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. "నా సెలవులు ఏమవుతాయండీ?" అని అడిగితే "పాలసీ చూడండి" అనే జవాబొస్తుంది. అందుకే విడమరిచి అడిగాను: మిగిలినవాటిలో ఎర్న్‌డ్ లీవ్ ఎంత, వచ్చే ఏడాదికి ఎన్ని వెళ్తాయి, డబ్బుగా ఎన్నిటికి ఇస్తారు, రోజు రేటు దేనిమీద కడతారు?

తెలంగాణ షాపులు, సంస్థల చట్టం (1988లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిందే) ప్రకారం 240 రోజులు పనిచేసినవాళ్లకి 15 రోజుల వేతన సెలవు ఉంది. అది 60 రోజుల వరకు పోగవుతుంది. ఏటా 8 రోజులు డబ్బుగా తీసుకోవచ్చు. క్యాజువల్ లీవ్‌కి ఈ భాగ్యం లేదు, ఏడాదితోనే దాని కథ ముగుస్తుంది. కాబట్టి ముందు వాడుకోవాల్సింది అదే. మనవాళ్లు సరిగ్గా తలకిందులుగా చేస్తారు!

అసలు తిరకాసు రేటు దగ్గర. బేసిక్ 40,000 అనుకోండి. 30తో భాగిస్తే 8 రోజులకి 10,667 రూపాయలు. 26తో భాగిస్తే 12,308. గ్రాస్ మీద కడితే ఇంకా ఎక్కువ. ఉద్యోగంలో ఉండగా తీసుకునే ఈ డబ్బుకి పన్ను మినహాయింపు లేదు, జీతంలో కలిపేస్తారు. పదవీ విరమణప్పుడైతే ప్రైవేటు ఉద్యోగులకి 25 లక్షల పరిమితి దాకా మినహాయింపు ఉంది.

అందుకే నేను డబ్బు అడగలేదు, ముందుకి పంపమన్నాను. జవాబు ఇంకా రాలేదు. హెచ్‌ఆర్ మేడమ్ సెలవులో ఉన్నారట.