ఇస్లాహ్ ఎక్కడిదాకా? నకల్ ఎక్కడి నుంచి?

2024లో హర్యానాలోని ఓ.పీ. జిందల్ గ్లోబల్ యూనివర్సిటీలో ఎల్.ఎల్.ఎం. చదువుతున్న ఒక విద్యార్థి జవాబు పత్రంలో 88 శాతం ఏఐ రాసిందేనని తేల్చి, ఆ సబ్జెక్టులో ఫెయిల్ చేశారు. అతను పంజాబ్-హర్యానా హైకోర్టుకి వెళ్లాడు. "రాసింది నేనే. పైగా ఏఐ వాడకూడదని మీ ఖాయిదాల్లో ఎక్కడుంది?" అన్నది అతని వాదన. చివరికి యూనివర్సిటీయే అతన్ని పాస్ చేసింది, కేసు అక్కడితో ముగిసింది. అసలు రాసిందెవరో కోర్టు తేల్చనే లేదు. ముందుగా ఖాయిదా స్పష్టంగా రాసుకోకపోతే పెద్దవాళ్ల చదువులోనే ఇంత తకరార్ జరిగింది. ఇక స్కూలు పిల్లల సంగతేమిటి?

ఈ సవాల్ మా ఇంటికి కూడా వచ్చింది. మా చెల్లెలి కుటుంబం ఎచ్చెర్లలో ఉంటుంది. భాంజీ అక్కడే ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోంది. స్కూలు నుంచి తల్లిదండ్రులకి రెండు వాక్యాల సర్క్యులర్ వచ్చింది: ప్రాజెక్టుల్లో ఏఐ వాడరాదు, వాడినట్టు తేలితే సున్నా మార్కులు. "భాయ్‌జాన్, స్పెల్లింగులు చూపించుకున్నా తప్పేనా?" అని చెల్లెలు ఫోన్ చేసింది. అదే అడగాల్సిన ప్రశ్న. "వాడటం" అనే ఒక్క మాటలో చాలా రకాల మదద్ దాగి ఉంది.

ముషాయిరాలకి వెళ్లేవాళ్లకి ఇస్లాహ్ అంటే ఏమిటో తెలుసు. షాగిర్ద్ తన ఘజల్ రాసుకుని ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తాడు. ఉస్తాద్ ఒక మాట మారుస్తాడు, వజన్ తప్పిన చోట చూపిస్తాడు. తాను ఫలానా ఉస్తాద్ షాగిర్ద్‌నని అతను దాచుకోడు, గర్వంగా చెప్పుకుంటాడు. కానీ ఘజల్ మొత్తం ఉస్తాద్ చేత రాయించుకుని తన తఖల్లుస్ పెట్టుకుంటే దాన్ని ఇస్లాహ్ అనరు. స్కూలు ఖాయిదా కూడా ఈ రెండింటి మధ్యే గీత గీయాలి. ఆ గీత ఎక్కడ పడాలో ఆ పని పిల్లల్లో ఏం పరీక్షిస్తుందో దాన్ని బట్టి ఉంటుంది.

భాంజీ ప్రాజెక్టునే చూద్దాం. "మన ప్రాంతపు చేతివృత్తి" మీద ఇంగ్లీషులో రాయాలి. తను పొందూరు ఖాదీ ఎంచుకుంది. అబ్బాతో కలిసి పొందూరు వెళ్లి, వాలుగ చేప దవడతో పత్తిని ఎలా శుభ్రం చేస్తారో చూసి, వడికే ఆడవాళ్లని ప్రశ్నలు అడిగి, నోటుబుక్కులో రాసుకొచ్చింది. ఈ పనిలో పరీక్షించేవి మూడు: కళ్లతో చూడటం, అడిగి తెలుసుకోవడం, తన ఇంగ్లీషులో చెప్పడం.

కాబట్టి తెలియని మాటకి అర్థం అడగడం, వెళ్లేముందు ఏం ప్రశ్నలు అడగాలో ఆలోచించుకోవడానికి సాయం తీసుకోవడం జాయిజే. తాను రాసిన పేరా ఇచ్చి వ్యాకరణ తప్పులు చూపించమనడం కూడా జాయిజే, కానీ ఆ సంగతి చెప్పాలి. పేరానే రాయించుకోవడం కుదరదు. వడికే అమ్మ అన్నట్టుగా మాటలు పుట్టించమనడం అంతకన్నా కుదరదు. అది ప్రాజెక్టు కాదు, ఝూటీ గవాహీ. ఇక తెలుగు నోట్సు ఇచ్చి మొత్తం ఇంగ్లీషు చేయించుకోవడం ఉంది. ఇంగ్లీషు సబ్జెక్టులో అది నకలే, ఎందుకంటే అక్కడ పరీక్షించేది ఆ ఇంగ్లీషునే. అదే సోషల్ ప్రాజెక్టయితే, చెప్పి చేస్తే ఒప్పుకోవచ్చు. అందుకే స్కూలంతటికీ ఒకే వాక్యం సరిపోదు. ప్రతి ప్రాజెక్టు కాగితం మీదా ఏది చెల్లుతుందో టీచర్ రాసివ్వాలి.

చెప్పడం ఎలా? ఇంటర్నేషనల్ బాకలారియేట్, అంటే ఐబీ, 2023 ఫిబ్రవరిలోనే చాట్‌జీపీటీని నిషేధించబోమని ప్రకటించింది. దాని నుంచి తీసుకున్న మాటల్ని సొంత మాటలుగా చూపకూడదని, కొటేషన్ గుర్తుల్లో పెట్టి, ఏం అడిగారో, ఏ తేదీన వచ్చిందో రాయాలని దాని నియమం. ఈ పద్ధతి మన పిల్లలకీ కష్టం కాదు. భాంజీ చివరి పేజీలో ఇలా రాసింది: "రెండో పేరా, నాలుగో పేరా చాట్‌జీపీటీకి ఇచ్చి వ్యాకరణ తప్పులు మాత్రమే చూపించమన్నాను. తొమ్మిది చూపింది. ఏడు దిద్దుకున్నాను. రెండు దిద్దలేదు, ఎందుకంటే అర్థం మారిపోతోంది. పొందూరులో విన్న మాటలు నా నోటుబుక్కులో ఉన్నాయి." కింద తేదీ వేసింది. ఈ నాలుగు ముక్కలు చదివితే ఆ పిల్ల ఏం చేసిందో, ఏది ఆలోచించి వదిలేసిందో టీచర్‌కి తెలిసిపోతుంది. అయితే ఒక షరతు ఉంది. అనుమతించిన సాయం గురించి నిజం చెప్పినందుకు మార్కులు తగ్గించకూడదు. తగ్గిస్తే వచ్చే ఏడాది ఎవరూ చెప్పరు.

సర్క్యులర్లో నాకు భయం వేసిన మాట "తేలితే". తేల్చేదెవరు? చాలా చోట్ల ఏఐ రాతను పట్టుకుంటామనే డిటెక్టర్ సాఫ్ట్‌వేర్‌నే నమ్ముకుంటున్నారు. అది దొంగని చూసి పట్టుకోదు. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో ఎంత తేలిగ్గా ఊహించవచ్చో లెక్కేస్తుంది. ఊహకి తేలిగ్గా అందితే యంత్రం రాసిందంటుంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడి, ఇంగ్లీషును మూడో భాషగా నేర్చుకునే మన పిల్లలు రాసేవి చిన్న వాక్యాలు, తెలిసిన మాటలే. అంటే షక్ ముందు వాళ్ల మీదికే వస్తుంది.

ఇది నా వహమ్ కాదు. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు టోఫెల్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాల్ని ఏడు డిటెక్టర్లకి ఇచ్చారు. అన్నీ మనుషులు రాసినవే. అయినా సగటున 60 శాతానికి పైగా ఏఐ రాసినవని వచ్చింది. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల్ని మాత్రం దాదాపు సరిగ్గానే గుర్తించాయి. ఆ టోఫెల్ వ్యాసాల్నే చాట్‌జీపీటీకి ఇచ్చి పెద్ద పెద్ద మాటలు పెట్టించాక ఇల్జామ్ బాగా తగ్గిపోయింది! అంటే నిజాయితీగా రాసినవాడు దొరికిపోతాడు, తెలివిగా మెరుగు పెట్టించుకున్నవాడు తప్పించుకుంటాడు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో తన డిటెక్టర్‌ని విడుదల చేసి, సరిగ్గా పట్టుకోవడం లేదని అదే జూలైలో ఆపేసింది.

తల్లిదండ్రుల మీటింగులో ఒక తండ్రి లేచి, "మా గుంటడు ఇంగ్లీషులో నాలుగు ముక్కలు బాగా రాస్తే దొంగంటారేటి?" అన్నాడని చెల్లెలు చెప్పింది. అందరూ నవ్వారట గానీ, అది ఇన్సాఫ్ అడిగే మాట.

డిటెక్టర్ అంకె సబూత్ కాదు. షక్ వస్తే చూడాల్సినవి వేరే ఉన్నాయి. మొదటిది రఫ్ నోటుబుక్కు. కొట్టివేతలు, తిరగరాతలు దానికి గవాహీ ఇస్తాయి. కంప్యూటర్లో గూగుల్ డాక్స్‌లో రాస్తే ఏ వాక్యం ఎప్పుడు చేరిందో దాని వెర్షన్ హిస్టరీలో కనిపిస్తుంది. రెండు గంటలు కూర్చుని రాసినదీ, ఒక్కసారిగా వచ్చి అతుక్కున్నదీ అక్కడ వేరువేరుగా ఉంటాయి. రెండోది ఐదు నిమిషాల మౌఖిక పరీక్ష. "వాలుగ దవడ ఎందుకు వాడతారు, దువ్వెన ఎందుకు కాదు?", "ఈ పేరాలో ఈ మాట ఎందుకు పెట్టావు?", "అక్కడ నీకు ఆశ్చర్యం వేసిందేమిటి?" స్వయంగా చూసి రాసిన పిల్ల భయపడుతూనైనా జవాబు చెప్తుంది. రాయించుకున్న పిల్లకి తన కాగితంలోని మాటే కొత్తగా ఉంటుంది. ఆ తర్వాతా ఫైసలా టీచర్ ఒక్కరే చేయకుండా, అమ్మీ అబ్బాలని కూర్చోబెట్టి, పిల్ల మాట పూర్తిగా విన్నాకే చేయాలి. తప్పు తేలితే మొదటిసారి మళ్లీ రాయించాలి. సున్నా మార్కులకి పిల్లలు నేర్చుకునేది మరింత బాగా దాచడమే.

ఇంట్లో మనం చేయగల పని ఒకటుంది. ఓపెన్‌ఏఐ షరతుల ప్రకారం 13 ఏళ్లు నిండనివాళ్లు చాట్‌జీపీటీ వాడకూడదు, 18 లోపువాళ్లకి తల్లిదండ్రుల ఇజాజత్ ఉండాలి. అంటే ఆ ఇజాజత్ మన చేతిలోనే ఉంది. ఇచ్చేముందు పిల్ల ముందు తాను రాసి చూపించాలి, ఆ తర్వాతే ఫోన్ ఇవ్వాలి. ముందు రాత, తర్వాత ఇస్లాహ్. ఈ వరస తారుమారైన రోజు ఆ రాత పిల్లది కాకుండా పోతుంది.