అన్నీ నిజాలే రాసినా మార్కులు ఎందుకు తగ్గాయి?

ఎస్సే పేపర్లు ఇంటికి పంపిన ప్రతిసారీ కొందరు తల్లిదండ్రులు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు: “మేడమ్, మా పాప రాసినదాంట్లో ఒక్క తప్పూ లేదు. మరి మార్కులెందుకు తగ్గించారు?” న్యాయమైన ప్రశ్నే. స్పెల్లింగ్ తప్పులకైతే ఎర్ర సున్నా చుట్టి చూపించవచ్చు. ఈ లోపాన్ని అలా చూపించలేం. అందుకే ఈ నెల దాని గురించే రాస్తున్నాను.

పై తరగతుల పిల్లలతో మేం రాయించేది వాదనా వ్యాసం, అంటే ఆర్గ్యుమెంటేటివ్ ఎస్సే. ఇందులో మొదటి పేరా చివర థీసిస్ స్టేట్‌మెంట్ అనే వాక్యం ఒకటి ఉంటుంది. ఈ విషయంలో నేను ఏ పక్షమో, ఎందుకో అందులో చెప్పాలి. మిగతా వ్యాసమంతా ఆ మాటను నిలబెట్టడానికే. పేపరు చేతికి రాగానే నేను ముందు వెతికేది ఆ వాక్యాన్నే.

మొన్న ఎనిమిదో తరగతికి “స్కూలు బ్యాగుల బరువు” అనే టాపిక్ ఇచ్చాను. ఒక అమ్మాయి ఇంగ్లీషులో రాసిన థీసిస్‌కు తెలుగు ఇది: “స్కూలు బ్యాగు మరీ బరువుగా ఉంటే పిల్లల ఆరోగ్యం దెబ్బతింటుంది.”

ఇలాంటి వాక్యానికి నేను పెట్టే పరీక్ష చిన్నది. చివర “కాదు” అని చేర్చి చూస్తాను. బ్యాగు మరీ బరువైనా ఆరోగ్యానికేమీ కాదు అని, ఆలోచన ఉన్న మనిషి ఎవరైనా మనస్ఫూర్తిగా అనగలరా? అమ్మానాన్నలు, టీచర్లు, డాక్టర్లు, ఆటో డ్రైవర్లు ఎవరూ అనరు. అవతలి పక్షమే లేనప్పుడు వాదన ఎవరితో? ఆ వాక్యం నిజమే, కానీ థీసిస్ కాదు.

దాని ప్రభావం కింది పేరాల్లో కనబడింది. రెండో పేరా నడుము నొప్పి గురించి, మూడోది భుజాల గురించి, నాలుగోది అలసట గురించి. ఆ మూడింటినీ అటూ ఇటూ మార్చి చదివాను. వ్యాసానికి ఏ నష్టమూ రాలేదు. ఒక పేరా తీసేసి చదివినా అంతే. వాదన ఉన్న వ్యాసంలో అలా కుదరదు, ఎందుకంటే అక్కడ ఒక పేరా చెప్పిన మాట మీద తర్వాతి పేరా నిలబడుతుంది. “అయితే కొందరు ఇలా అంటారు” అనే మాట కూడా ఆ పేపరులో ఎక్కడా లేదు. ఉండదు కూడా, అనేవాళ్లే లేరు కదా.

మార్కులు వేసేటప్పుడు భాషకు, అమరికకు ఇవ్వాల్సినవి ఇచ్చాను. వాదనకు, ఎదుటి పక్షానికి జవాబు చెప్పినందుకు కేటాయించిన మార్కులు మాత్రం ఇవ్వలేకపోయాను. అది అబద్ధం రాసినందుకు వేసిన శిక్ష కాదు. రాయాల్సిన భాగం పేపరులో లేదు, అంతే.

ఆ అమ్మాయిని పిలిచి, “నువ్వు రాసింది నిజమేనమ్మా. అయితే ఏం చేద్దాం? ఎవరు చేయాలి?” అని అడిగాను. “బ్యాగులే లేకుండా చేయాలి మేడమ్” అంది వెంటనే. చాలామంది పిల్లలు ఈ దశలో ఇలాగే గట్టి మాట అందుకుంటారు. దాన్ని కాదనేవాళ్లు ఉన్నారు కాబట్టి “కాదు” పరీక్షలో అది పాసవుతుంది. కానీ నిలబెట్టడానికి ఆధారం కావాలి. “మరి హోంవర్క్ దేంట్లో చూసి చేస్తావు?” అంటే తన దగ్గర జవాబు లేదు. అందుకే ముందు ఇంట్లో బ్యాగు తూచి రమ్మన్నాను.

మర్నాడు లెక్క తెచ్చింది. మొత్తం ఆరున్నర కిలోలు. పుస్తకాలు 4 కిలోలు, నింపిన లీటరు నీళ్ల సీసా 1.1, టిఫిన్ బాక్సు 0.6, ఖాళీ బ్యాగు 0.8. తన బరువు 38 కిలోలు. కేంద్ర విద్యాశాఖ తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ 2020 ప్రకారం బ్యాగు బరువు పిల్లల శరీర బరువులో 10 శాతం దాటకూడదు. అంటే తనకు 3.8 కిలోలు.

“మా బ్యాగు పరిమితి కంటే 2.7 కిలోలు ఎక్కువ. ఇదే థీసిస్‌గా రాయనా మేడమ్?” అని అడిగింది. మంచి సమాచారమే, కానీ తూకం వేస్తే తేలిపోయే విషయానికి వ్యాసం అక్కర్లేదు. అది థీసిస్ కింద ఆధారంగా ఉండాలి. లెక్కలన్నీ తెలిశాక కూడా ఇద్దరు మంచివాళ్లు విభేదించగలిగే చోటే థీసిస్ మొదలవుతుంది.

అప్పుడు తను టైమ్‌టేబుల్ వైపు చూసింది. రోజుకు ఎనిమిది పీరియడ్లు, ఎనిమిది సబ్జెక్టులు, అన్నిటి పుస్తకాలూ మోయాలి. చివరికి రాసిన వాక్యం ఇది: “రోజుకు ఎనిమిది సబ్జెక్టులకు బదులు నాలుగింటికి రెండేసి పీరియడ్లు పెడితే, సిలబస్ తగ్గించకుండానే బ్యాగు బరువు తగ్గుతుంది కాబట్టి స్కూలు టైమ్‌టేబుల్ మార్చాలి.”

దీనికి “కాదు” చేర్చి చూడండి. మా లెక్కల సార్ వెంటనే కాదంటారు. లెక్కలు రోజూ చేయించకపోతే చేయి తిరగదని ఆయన వాదన. చిన్న పిల్లలు ఎనభై నిమిషాలు ఒకే సబ్జెక్టు వినలేరని ఇంకొకరు అంటారు. మీలోనూ కొందరు ఒప్పుకోరు. ఇవన్నీ ఆలోచించి జవాబు చెప్పాల్సిన అభ్యంతరాలే. వాటిలో లెక్కల సార్ మాటకే తను ఒక పేరా కేటాయించింది: క్లాసు లేని రోజు లెక్కల హోంవర్క్ ఒక్క విడి షీటు మీద ఇవ్వవచ్చని.

తన లెక్కను తనే పరీక్షించుకుంది కూడా. పుస్తకాలు సగమైతే బ్యాగు నాలుగున్నర కిలోలు. ఇంకా ఎక్కువే. అరలీటరు సీసా తెచ్చుకుని స్కూల్లో మళ్లీ నింపుకుంటే 4 కిలోలు. ఇంకా 200 గ్రాములు మిగిలాయి. “టైమ్‌టేబుల్ ఒక్కటే చాలదు, కానీ అన్నిటికంటే ఎక్కువ తగ్గించేది అదే” అని నిజాయితీగా రాసింది. మొదటి పేపరులో ఇంత ఆలోచనకు చోటే లేదు. ఈసారి పేరాల వరుస మారిస్తే వ్యాసం తెగిపోతుంది.

ఇంట్లో పిల్లలు ఎస్సే చూపిస్తే మొదటి పేరా చివరి వాక్యం చదివించుకుని, “దీన్ని కాదనేది ఎవరు?” అని అడగండి. జవాబు రాకపోతే, “అయితే ఏం చేద్దామంటావు?” అనండి. అక్కడితో ఆగండి. వాక్యం మీరే చెప్పేస్తే పేపరులో నాకు తెలిసిపోతుంది. థీసిస్‌లో మీ గొంతు వినిపిస్తుంది, కింది పేరాల్లో మాత్రం దాన్ని నిలబెట్టే మాట ఉండదు.