పెంచబడినవి... పెంచినదెవరు?

మా తమ్మునికి మా పట్టణంలో ఒక చిన్న వాణిజ్య సముదాయం ఉన్నది. కిందా మేడపైనా కలిపి 18 దుకాణాలు. ఈ యేడు ఫిబ్రవరిలో మెయింటెనెన్స్ పెంచవలసి వచ్చి, గుమాస్తా వ్రాసిన తాఖీదును "అన్నయ్యా, భాష ఒకసారి సరిచూడవా" అని నా చేతికిచ్చాడు.

అందులో ఉన్నవి రెండే వాక్యాలు. "పెరిగిన ఖర్చుల దృష్ట్యా నిర్వహణ చార్జీలు చదరపు అడుగుకు రూ. 10.80గా పెంచబడినవి. ఇది వెంటనే అమలులోకి వచ్చును." వ్యాకరణ దోషమేమీ లేదు. కానీ కర్మణి ప్రయోగంలో కర్త చక్కగా మాయమవుతాడు. ఎవరు పెంచారు, ఏ అధికారంతో, ఎంత నుండి, ఏ ఖర్చు వలన అన్న ప్రశ్నలలో ఒక్కదానికీ జవాబు లేదు.

ముందుగా అద్దె ఒడంబడిక తెప్పించి చూచాను. ఉమ్మడి ఖర్చును ఎవరి విస్తీర్ణం చొప్పున వారు భరించాలనీ, మార్పును 30 రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలపాలనీ అందులో ఉన్నది. తాఖీదుకు బలం ఆ షరతే. ఒడంబడికలో లేని భారాన్ని తాఖీదు క్రొత్తగా సృష్టించలేదు. "వెంటనే" అన్న మాట అక్కడే చెల్లదని తేలిపోయింది.

తరువాత ఖర్చుల చిట్టా అడిగాను. నెలవారీగా అది ఇట్లున్నది.

ఇద్దరు వాచ్‌మన్‌ల జీతాలు: పూర్వం 20,000, ఇప్పుడు 24,000
ఊడ్పు, పారిశుద్ధ్యం: 7,500, ఇప్పుడు 9,000
ఉమ్మడి మీటరు కరెంటు (వరండా దీపాలు, లిఫ్టు, నీటి మోటారు): 10,500, ఇప్పుడు 13,000
లిఫ్టు వార్షిక ఒప్పందంలో నెల వంతు: 2,500, ఇప్పుడు 3,000
జనరేటరు డీజిలు, సర్వీసు: 4,500, ఇప్పుడు 5,000
మొత్తం: 45,000, ఇప్పుడు 54,000

సముదాయంలో అద్దెకిచ్చే విస్తీర్ణం 6,000 చదరపు అడుగులు. 54,000ను దానితో భాగిస్తే అడుగుకు రూ. 9 వస్తుంది. మరి 10.80 ఎక్కడిది? గుమాస్తా 5,000తో భాగించాడు! మూడు దుకాణాలు, అంటే 1,000 అడుగులు, ఖాళీగా ఉన్నవి కనుక వాటి వాటా కూడా ఉన్నవారి నెత్తినే పడింది. ఈ లెక్కలో అసలు కిటుకు భాజకంలో ఉంటుంది. ఖర్చుల పట్టీ ఎంత నిజాయితీగా ఉన్నా, దేనితో భాగించారో చెప్పకపోతే అద్దెదారుకు ఏమీ చెప్పనట్లే. కొలత కూడా ఒకటే కావాలి. దుకాణానికి గోడలూ వరండా వాటా కలిపిన కొలత వేసి, మొత్తానికి లోపలి కొలత వేస్తే రేటు దానంతటదే పెరుగుతుంది.

"అయితే ఖాళీ షాపుల తొమ్మిదివేలూ నేనే కట్టుకోవాలా?" అన్నాడు తమ్ముడు. "ఖాళీ షాపు నీదేగదా నాయనా! అద్దెకు పోతే వచ్చే ఆదాయం నీదైనప్పుడు, పోనప్పటి ఖర్చు దర్జీదెట్లా అవుతుంది?" అన్నాను. కాసేపు ముఖం ముడుచుకున్నా, చివరకు ఒప్పుకున్నాడు.

మేము తిరిగి వ్రాసిన తాఖీదులో పై పట్టిక యథాతథంగా చేర్చి, దాని క్రింద ఇట్లా వ్రాశాము.

"ఒడంబడికలోని నిర్వహణ షరతు ననుసరించి, చదరపు అడుగుకు రూ. 7.50గా ఉన్న నెలసరి చార్జీని రూ. 9కి నేను సవరిస్తున్నాను. ఖాళీ దుకాణాలతో సహా మొత్తం 6,000 అడుగులపై ఈ లెక్క వేయబడినది. ఏప్రిల్ 1 నుండి వాడుకకు క్రొత్త రేటు, మార్చి నెలాఖరు వరకు పాత రేటే వర్తించును. మీ దుకాణం 150 అడుగులు: చార్జీ రూ. 1,350, జి.ఎస్.టి. 18 శాతం రూ. 243, వెరసి రూ. 1,593. బిల్లులు, జీతాల పుస్తకం ఆఫీసులో చూడవచ్చును. సంవత్సరాంతమున అసలు ఖర్చుతో సరిచూచి, ఎక్కువ తక్కువలు సర్దుబాటు చేయబడును."

"వాడుకకు" అన్న మాట కావాలనే వేశాను. "ఏప్రిల్ నుండి" అని ఊరకుంటే, ఏప్రిల్‌లో చెల్లించే మార్చి బిల్లుకా, ఏప్రిల్ నెలకా అని తగవు పుడుతుంది. పన్ను కలిపిన మొత్తం వ్రాయటానికీ కారణమున్నది. జి.ఎస్.టి. రిజిస్ట్రేషను ఉన్న బట్టల కొట్టు ఆ పన్నును తన పన్నులో తగ్గించుకోగలదు. రిజిస్ట్రేషను లేని దర్జీకి ఆ 243 రూపాయలూ చేతినుండి పోయేవే.

ఫిబ్రవరి 20న పద్దెనిమిదింటిలో అద్దెకున్న పదిహేనింటికీ ప్రతులిచ్చి, రెండవ ప్రతిపై తేదీతో సంతకాలు తీసుకున్నాము. మేడమీది దర్జీ సుద్దముక్కతో బల్లమీదే లెక్క వేసి, "పాత బిల్లుకంటే రెండువందల అరవై అయిదున్నర ఎక్కువండీ మాస్టారూ, భారమే" అన్నాడు. భారమే, కాదనలేను. కాని పెరిగిన దాంట్లో పైసాతో సహా ఏది దేనికో అతనికి తెలిసింది. జనరేటరు డీజిలు బిల్లు ఒకసారి చూస్తానన్నాడు, చూచి సంతకం పెట్టాడు.