పిలుపు – అందిక

పిలవడం, పిలుపు అందడం వేర్వేరు క్రియలు. ఈ భేదాన్ని సంక్రాంతికి వచ్చిన మా పిల్లల సంభాషణలో విన్నాను. అమ్మాయి దుబాయిలోనూ, అబ్బాయి డాలస్‌లోనూ ఉంటారు.

“వాట్సాప్ ఉచితంగా ఉండగా డబ్బు కట్టే ప్లాను దేనికక్కా?” అన్నాడు వాడు.

“దుబాయిలో వాట్సాప్ కాల్ కలవదురా. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్‌ను అమ్మ ఫోనులో పెట్టించాను. అయితే ఏ యాప్‌కైనా రెండువైపులా ఇంటర్నెట్ ఉండాలి. మొన్న గాలివానకు కరెంటు పోయి ఇక్కడ రౌటరు ఆగింది. నాన్నగారు మొబైల్ డేటా వాడరు. ఆనాడు నీ కాల్ ఏమైంది?”

“Calling అనే చూపింది.”

“అది Ringingగా మారలేదంటే అవతలి ఫోనుకు చేరనట్లే. నేను మామూలు అంతర్జాతీయ కాల్ చేశాను, మోగింది. దానికి వీరివైపు సిగ్నలుంటే చాలు.”

“స్కైప్‌లో డబ్బు వేసి నంబరుకే చేసేవాణ్ణి. 2025 మేలో అది మూతపడింది.”

“అందుకే ప్లాను తీసుకో. భారతదేశపు మొబైళ్ళూ ల్యాండ్‌లైన్లూ రెండూ అందులో ఉన్నాయో లేదో చూడు.”

“టవరే ఆగితే?”

“అప్పుడు రెండూ మూగవే. వేరే కంపెనీ సిమ్ము వాడే పొరుగువారి నంబరు రాసుకో.”

ముఖాలు చూసుకోవడానికి యాప్, ఆపదకు ప్లాను అని తీర్మానమయింది. మిత్రులారా, ఊళ్ళో పెద్దలుంటే వారి ఇంట రౌటరు, డేటా ఆపించి, రెండు విధాలా ఒకసారి పిలిచి చూడండి. ఏది మోగుతుందో తెలుస్తుంది.