స్క్రూడ్రైవరుది కాదు తప్పు, నా స్టవ్వుది!

అంగడివాణ్ని తెగ తిట్టుకున్నాను. పాపం, ఆయన తప్పేమీ లేదని తెలుసుకోవడానికి నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు, మా పుట్టింటికి వెళ్లాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, మా కుక్కరు పిడి ఊగుతోంది. వేడి కుక్కరు దించేటప్పుడు పిడి ఊడితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు కదా! స్క్రూ బిగిద్దామని స్క్రూడ్రైవరు పెట్టి గట్టిగా తిప్పాను. స్క్రూ కదల్లేదు గానీ, స్క్రూడ్రైవరు మొన కాస్తా మెలి తిరిగిపోయింది. కాడ మీద 'క్రోమ్ వెనేడియం' అని అచ్చు కూడా ఉంది. "చవకలో దొరికిందని కొన్నావు, అనుభవించు" అన్నారు మావారు. చవక కాదు, మంచి ధరే పెట్టాను.

ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరున్న ఊరని మీరు వినే ఉంటారు. మా పుట్టింటి పక్కనే ఓ శిల్పిగారుంటారు. నేను పెద్దనాయనా అని పిలుస్తాను. రాతి మీద ఆడి ఆడి ఉలి మొన అరిగిపోతుంది. దాన్ని కొలిమిలో కాల్చి మళ్లీ సరిచేసుకోవడం ఆయనకు నిత్యకృత్యం. పండక్కి వెళ్లినప్పుడు నా స్క్రూడ్రైవరు ఆయన చేతిలో పెట్టాను. వెలుతురుకు తిప్పి చూసి, "దీన్ని ఎప్పుడైనా నిప్పులో పెట్టినావా పాపా?" అన్నారు.

నాకు నోట మాట రాలేదు. తులసి మొక్క పెట్టుకుందామని పాత ప్లాస్టిక్ బకెట్టుకు అడుగున చిల్లులు వేశాను. ఎలాగంటారా? ఈ స్క్రూడ్రైవరునే గ్యాస్ స్టవ్ మీద ఎర్రగా కాల్చి! మీలో ఎంతమంది ఈ పని చేశారో నిజం చెప్పండి. మొన నల్లబడింది, దాని వెనక నీలంగా ఓ పట్టీ, ఆ వెనక గోధుమరంగు. ఆ రంగులే నన్ను పట్టిచ్చాయి.

ఆయన చెప్పింది నాకు అర్థమైనట్టు మీకూ చెబుతాను. ఇనుములో కొద్దిపాటి కార్బన్ కలిస్తే ఉక్కు అవుతుంది. కిటికీ ఊచల్లాంటి మెత్తని ఇనుములో అది నూటికి పావు వంతు కూడా ఉండదు. అంచేత కాల్చి ముంచినా పెద్దగా గట్టిపడదు. సుత్తి తలలోనూ స్క్రూడ్రైవరులోనూ సుమారు అర వంతు ఉంటుంది. క్రోమ్ వెనేడియం ఉక్కులో ఇంకో వంతు క్రోమియం, చిటికెడు వెనేడియం కలుపుతారు. ఇలాంటి ఉక్కును ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసవుతుంది కూడా. అందుకని మళ్లీ సన్నగా వేడిచేసి ఆ పెళుసు పోగొడతారు.

ఇదంతా మన బెల్లం పాకం లాంటిదే అనుకోండి. తీగపాకమా, ఉండపాకమా అని మనం చూసుకోమూ? ఉక్కుకు రంగే గుర్తు. రుద్ది మెరిపించిన మొన 230 డిగ్రీల దగ్గర లేత గడ్డి రంగుకు వస్తుంది, 280 దగ్గర వంకాయ రంగు, 300 దగ్గర నీలం. అది కూడా దాటిందా, గట్టిదనం ఇంకా ఇంకా తగ్గుతూ పోతుంది. నేను స్టవ్ మీద చేసింది ముదిరిపోయిన పాకం అన్నమాట!

పెద్దనాయన ఆ మొనను మళ్లీ నిలబెట్టారు. ప్లాస్టిక్ పిడి కరగకుండా తడిగుడ్డ చుట్టి, మొన ఒక్కటే కొలిమి బొగ్గుల్లో పెట్టారు. ఎర్రబడగానే సుత్తితో మెల్లగా తట్టి తిన్నగా చేశారు, మళ్లీ ఎర్రగా కాల్చి శనగనూనెలో ముంచారు. "నీళ్లలో ముంచితే ఇంత పలచటి మొన పగిలిపోతాది" అన్నారు. మసి పోయేలా రాతి మీద రుద్దితే వెండిలా మెరిసింది. తరువాత మొనకు కాస్త వెనగ్గా వేడి తగిలించారు. గడ్డి రంగు మెల్లిగా మొన దాకా పాకి, గోధుమరంగులోకి తిరిగి, వంకాయ రంగు రాబోతుండగా ఠక్కున చల్లార్చేశారు. చివర్న ఆకురాయి ఇచ్చి గీయమన్నారు. మొన మీద ఆకురాయి జారిపోయింది. అంతకుముందు గీసినప్పుడు రజను రాలింది! ఇది మనింట్లో గ్యాస్ స్టవ్ మీద చేసే పని కాదు సుమండీ. నూనె భగ్గుమంటుంది.

అంగట్లో ఆకురాయితో గీస్తే ఎవరూ ఊరుకోరనుకోండి. ఇంటికొచ్చాక మొన పక్కగా మెల్లిగా గీసి చూడొచ్చు. తళతళను మాత్రం నమ్మకండి, అది పైపూత. స్పానరును, అదే మన పానాను, స్క్రూడ్రైవరు మొనంత గట్టిగా చేయరు. మరీ గట్టిదైతే నట్టు బిగించేటప్పుడు దవడ విరిగి చేతికి తగులుతుంది. ఆకురాయి దాని మీద కష్టంగా అయినా కాస్త కరుస్తుంది. వెన్నలా తెగుతోందంటే అది మెత్తని ఇనుము. అలాంటి పానా దవడలు విచ్చుకుని నట్టు మూలల్ని గుండ్రం చేసేస్తాయి. ఆపైన ఏ పానాకూ ఆ నట్టు దొరకదు.

ఇక సుత్తి. నంద్యాల ఎండలు మీకు తెలియనివా? మే నెల వచ్చేసరికి మా సుత్తి తల వదులైపోతుంది. మా అత్తగారు దాన్ని రాత్రంతా నీళ్ల బకెట్లో వేసేవారు. పొద్దున్నే బిగిసిపోయి ఉండేది. పెద్దనాయన విని నవ్వారు. "నీళ్లకు కొయ్య ఉబ్బుతాది. ఇనుప కంతలో ఉబ్బడానికి చోటు యాడుంది? లోపలి పోగులు నలిగిపోతాయి. ఆరినాక ముందుకన్నా వదులవుతాది" అన్నారు. నిజమే, ఏటికేడు వదులు ఎక్కువవుతోంది! కామ పైకొసలో చీలిక తీసి కొయ్య మేకు దిగ్గొట్టడమే సరైన మందు. ఏడాదికోసారి అవిసె నూనె పట్టిస్తే కామ తొందరగా ఎండిపోదు. కామకు నల్లతుమ్మ మంచిది. కొనేటప్పుడు కొయ్య చారలు ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా ఉన్నాయేమో చూడండి. అడ్డంగా బయటికి పోయిన చార దగ్గరే కామ విరుగుతుంది.

సుత్తితో ఇంకో సుత్తి మీద ఎన్నడూ కొట్టకండి. రెండు ముఖాలూ గట్టివే, చిన్న పెచ్చు ఎగిరినా కంటికే ప్రమాదం.

ఒక్కమాట, స్క్రూడ్రైవరు ప్లాస్టిక్ పిడి చూసి కరెంటు పని మొదలుపెట్టకండి. కరెంటు పనికి చేసిన వాటి మీద '1000 వోల్టులు' అన్న గుర్తు ఉంటుంది, కాడకు కూడా మొన దాకా తొడుగు ఉంటుంది. అదున్నా సరే, మెయిన్ ఆపాకే ముట్టుకోవాలి. అద్దంలా మెరిసే పిడి మీద గోళ్లరంగు తుడిచే మందు పడితే కరిగి జిడ్డుకడుతుంది, అది కూడా దూరం పెట్టండి.

ఇంటికొచ్చి కుక్కరు స్క్రూ బిగించాను. ఈసారి స్క్రూయే తిరిగింది. ఇప్పుడు బకెట్టుకు చిల్లులు వేయడానికి ఓ పాత మేకు విడిగా పెట్టుకున్నాను, దాన్ని పట్టకారుతో పట్టుకుని కాలుస్తాను. అంగడివాణ్ని తిట్టినందుకు మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను. మావారికి మాత్రం స్టవ్ సంగతి ఇంకా చెప్పలేదు. మీరూ చెప్పకండేం!